నవ్వు కంటే ముందు రాకూడని అక్షరాలు

దుర్గ్ స్టేషను బయట ఎక్కిన షేర్ ఆటో సుపేలా వైపు ఎగురుకుంటూ పోతోంది. ముగ్గురు పట్టే సీట్లో మేం ఐదుగురం. నా మోకాలి మీద ఎవరిదో క్యాబేజీల సంచి, నా మోకాలికి అటువైపు ఒక ఆడమనిషి ఒళ్లో తుండుగుడ్డ చుట్టిన లాప్‌టాపు. ఆవిడ కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తోంది. జపం అనుకున్నాను. కానీ కాసేపటికోసారి చూపుడు వేలితో ఆ తుండుగుడ్డని టక్కున పొడుస్తోంది. జపంలో అలాంటి పోటు నేనెక్కడా చూడలేదు. కాశీలోనూ చూడలేదు, పూరీలోనూ చూడలేదు.

ఆటో గోతిలో పడింది. క్యాబేజీలు నా ఎముకకి తగిలాయి. "అమ్మ నీ ఆటో బంగారం కానూ!" అన్నాను.

ఆవిడ కళ్లు తెరిచింది. అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నన్ను పైనుంచి కిందికి చూసి, ముందుమాట ఏమీ లేకుండా అడిగింది.

"తెలుగు చదవడం వచ్చునా మీకు?"

"వచ్చండి."

"కళ్లజోడు ఉందా?"

"ఉంది."

"చదవండి. పైకి." సంచిలోంచి ఒక కాగితం తీసి నా ముక్కు ముందు పెట్టింది. "తొందరపడకండి. పండితుడిలా చదవకండి. మామూలుగా, టీ తాగుతూ పేపరు చదివినట్టు."

ఊళ్లు పట్టుకు తిరిగేవాడికి ఒక సుగుణం ఉంటుంది, ఎవరేం అడిగినా చేసేస్తాడు. చదివాను. 'ఈ ఇల్లు ఖాళీ చేస్తాను.' కింద గీత. 'ఎప్పుడంటే, బాత్‌రూం పైపు కారడం ఆగిన రోజున.' క్యాబేజీల ఆయనకి తెలుగు రాదు. వచ్చిన నేను నవ్వేశాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఎక్కడ నవ్వారు? పైపు దగ్గరా, రోజు దగ్గరా?"

"పైపు దగ్గరే అనుకుంటా."

"భేష్. మా ఇంగ్లీషు నాటకంలో వాడు ఖాళీ చేస్తానన్న మాట ముందు అంటాడు, పైపు చివర అంటాడు. మన తెలుగులో తిన్నగా రాస్తే పైపు ముందు వచ్చేస్తుంది. వాడు నోరు తెరిచేసరికే జనం నవ్వేస్తారు. అందుకే ముక్క విరిచాను." అని నా చేతిలోంచి కాగితం లాక్కుంది. "ఎక్కడ దిగుతారు?"

నిజానికి నాకు భిలాయిలో ఏ పనీ లేదు. అక్కడ మరోదా బస్తీలో ఒక పాత మిత్రుడుంటే వాడింట్లో ఓ పూట తిని రాయపూరు పోదామనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"పూటకేం, నాలుగు రోజులుండండి. సాయంత్రం మా రిహార్సలుకి రండి. నాకు చదివే ముసలాళ్లు కావాలి."

ఇంత మర్యాదగా నన్నెవరూ ఆహ్వానించలేదు. సుపేలాలో ఆటో ఆగీ ఆగకముందే దిగి జనంలో కలిసిపోయింది. పేరు కూడా చెప్పలేదు. గుర్తులు చెబితే మిత్రుడు పోల్చుకున్నాడు: "ఛాయ టీచరు! స్టీలు ప్లాంటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. సగం సెక్టారు ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకున్నదే."

*

ఆ సాయంత్రం మిత్రుడు చెప్పిన దారిన తెలుగు సంఘం హాలుకి వెళ్లాను. అక్కడి గొడవ అర్థం కావాలంటే పోయినేటి కథ కొంచెం చెప్పాలి.

భిలాయి తెలుగువాళ్లలో ఒక చిత్రం ఉంది. విజయనగరం, శ్రీకాకుళం నుంచి ప్లాంటు కట్టడానికి వచ్చినవాళ్లకి తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు. వాళ్ల మనవలకి ఇంగ్లీషు వచ్చు, హిందీ ఇంకా బాగా వచ్చు, తెలుగు అక్షరం కనిపిస్తే జిలేబీలా చూస్తారు. ఈ మనవలు ఇంగ్లీషు నాటకం వేస్తామన్నారు. ముసలాళ్లు ముందు వరసలో కూచుని, హాలు చల్లగా ఉంది కదా అని నిద్రపోతారు. ఇది పడక ఛాయ టీచరు పోయినేడు వేదిక నెత్తి మీద ఒక తెర కట్టించి, ప్రొజెక్టరుతో తెలుగు మాటలు వేసింది.

వేసింది కానీ పుస్తకం వేసినట్టు వేసింది. ఒక్కో పాత్ర మాట మొత్తం ఒకేసారి తెర మీద పడేది. ముసలాళ్లు కింద దాకా చదివేసుకుని ఘొల్లున నవ్వేవారు. వేదిక మీద ప్రవీణ్‌కుమార్ అప్పటికి ఊపిరి మాత్రమే పీల్చాడు. ప్రవీణ్‌కుమార్ ప్లాంటులో ఆఫీసరు, సంఘానికి ఆస్థాన హీరో, మంచి గొంతు, ఇంకా మంచి మీసం. తనింకా ఏమీ అనకుండానే జనం నవ్వుతున్నారంటే మనిషికి అనుమానం ఎక్కడికి పోతుంది? ప్యాంటు చూసుకున్నాడు. వెనక్కి తిరిగి చూసుకున్నాడు. మళ్లీ నవ్వారు. మీసం తడుముకున్నాడు, అదేమైనా ఊడిందేమోనని. అది సొంత మీసం. అంకం మధ్యలో తెర వెనక్కి వెళ్లిపోయి "మైఁ నహీఁ కరూంగా", ఇక ఆడనంటే ఆడనని కూచున్నాడు.

అందుకని ఈ యేడు అతను షరతు పెట్టాడు. నా మాట కంటే ముందు ఒక్క నవ్వు వచ్చినా సరే, వచ్చే ఏటి నుంచి తెర ఉండకూడదు. సంఘం అధ్యక్షుడు దక్షిణామూర్తి గారు ఎప్పటిలాగే ఇద్దరికీ తలూపి, "న్యాయంగానే ఉంది" అన్నాడు. ఛాయ టీచరు ఒప్పుకుంది. తెర పోతే ముందు వరస పోతుందని ఆవిడకి తెలుసు. ముందు వరస మధ్య కుర్చీలో కూచునే అప్పలనర్సమ్మ ఆవిడ పెద్దమ్మ. తల్లి పోయాక పెంచింది ఆవిడే. "నీ ఇస్కూలు ఇంగిలీసంతా నా ఇంటి బియ్యంతోనే నేర్సినావు. ఒక్క ముక్క నాకు సెప్పినావేటే?" అని రోజూ దెప్పుతుందట. ఆ దెప్పుడికి సమాధానంగా టీచరు దగ్గరున్నది ఆ తెర ఒక్కటే.

నేను వెళ్లేసరికి నాటకం నడుస్తోంది. రాసింది, ఆడిస్తున్నది టీచరు మేనకోడలు శ్రుతి. కథ భిలాయివాళ్లందరికీ గుండెల్లో ముల్లే: రిటైరైన రావుగారు ప్లాంటు క్వార్టరు ఖాళీ చేయడు. ఇనస్పెక్టరు వస్తే తను రావుని కానని, రావు తమ్ముణ్ణని అంటాడు. రావు ఎక్కడ అంటే ఒక అబద్ధం, దాని మీద ఇంకొకటి. రావు ప్రవీణ్‌కుమారే.

హాలు చివర బల్ల దగ్గర టీచరు కూచుని ఉంది. ముందు లాప్‌టాపు, పక్కన ఇంగ్లీషు ప్రతి. ఆ ప్రతి నిండా ఎర్ర అంకెలు. ప్రతి ముక్కకీ ఒక నంబరు, తెర మీద స్లైడుకీ అదే నంబరు. నటుడు రెండు పేజీలు మింగేస్తే నంబరు కొట్టి ఆ స్లైడుకి దూకచ్చు.

"గడియారానికి కట్టేస్తే పోదా? దానంతటదే మారుతుంది కదా?" అన్నాను.

"సినిమాకి కట్టచ్చు. సినిమాలో హీరో రోజూ ఒకేలా ఊపిరి తీస్తాడు. వీడు ఇవాళ చపాతీ తిన్నాడా, పూరీ తిన్నాడా అన్నదాన్ని బట్టి మాట నడుస్తుంది." అంటూనే వేలు టక్కున వేసింది. ఆటోలో చూసిన పోటు ఇదీ.

పక్కన కూచుని చూస్తే తెలిసింది. ఆవిడ మాటలు వినడం లేదు, ఊపిరి వింటోంది. ప్రవీణ్‌కుమార్ ఛాతీ పొంగితే వేలు పడుతుంది, మాట మొదలైన క్షణానికి అక్షరం ఉంటుంది. మాట అయితే తెర నల్లగా అయిపోతుంది. తెర మీద ఎప్పుడూ రెండు వరసలే. పొట్టి వరసలు. నల్లటి దాని మీద తెల్ల అక్షరాలు. వరసల మధ్య ఎడం ఎక్కువ, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూచుంటాయట. 'హలో', 'యెస్ సర్', 'నో సర్' వీటికి తెలుగే లేదు. "అది కూడా నేను చెప్పాలా, వాడి మొహం ఉందిగా" అంది. ఇద్దరూ ఒకేసారి అరుచుకునే చోట పది మాటలకి మూడే వేసింది. మిగతావాటికి ముసలాళ్లు దెబ్బలాట చూస్తారు. చదవడానికా వచ్చారు?

నాటకంలో పెద్ద నవ్వు ఒకటుంది. ఇనస్పెక్టరు గట్టిగా పట్టుకుంటే రావు తల వంచుకుని, "మై బ్రదర్ ఈజ్ డెడ్ సర్" అంటాడు. ఇనస్పెక్టరు టోపీ తీస్తాడు. అప్పుడు రావు, "హి విల్ బి బ్యాక్ ఫర్ లంచ్." టీచరు దీన్ని రెండు స్లైడ్లు చేసింది. 'మా అన్నయ్య చనిపోయాడు సార్.' తరవాత నలుపు. ఆ తరవాత, 'భోజనం వేళకి వచ్చేస్తాడు.' ఈ రెండో ముక్క గురించి ఆవిడ కాపలా కుక్కలా ఉంది. ప్రవీణ్ నోరు తెరిచి మొదటి అక్షరం బయటపడేదాకా వేలు గాల్లోనే.

*

మర్నాడు టీచరు ముసలాళ్లని రప్పించింది, నాతో కలిపి ఓ అరడజను. అప్పుడు బయటపడింది అసలు తద్దినం.

అప్పలనర్సమ్మకి అక్షరం ముక్క రాదు. ఆవిడ పక్కన దాలయ్య. దాలయ్య ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరయ్యాడు, ఆ మోత వల్ల చెవులు మందం, కాబట్టి గొంతు పెద్దది. మరోదా బస్తీలో ఒకప్పుడు ఊరినుంచి ఎవరికి ఉత్తరమొచ్చినా చదివి పెట్టేది అతనే. అక్షరం కనిపిస్తే పైకి చదవడం, పక్కవాళ్లకి వినిపించడం అతనికి ఒంట్లోనే ఉంది. నాకు తెలిసి లోకంలో జనమంతా ఒకప్పుడు పైకే చదివేవారు. నోరు మూసుకుని చదవడం తరవాతి రోజుల దొంగతనం. దాలయ్య ఆ దొంగతనం నేర్చుకోలేదు.

"మా... అన్నయ్య... సనిపోయాడు... సార్!" అని హాలు దద్దరిల్లేలా చదివాడు.

"అయ్యో పాపం. ఎవుడ్రా సచ్చిపోయింది?" అంది అప్పలనర్సమ్మ.

"రావంట అప్పా."

"రావు ఇక్కడే ఉన్నాడు కదరా, మీసాలోడు!"

"అదే మరి సూడు, ఆడు అబద్దమాడతన్నాడు."

వేదిక మీద ప్రవీణ్‌కుమార్ లంచ్ మాట అనేశాడు, ఆ తరవాతి మాట కూడా అనేశాడు. దాలయ్య అప్పుడు "బోజనం... ఏళకి..." అని మొదలుపెట్టాడు. అతను ముగించాక ముసలాళ్లు నవ్వారు. ఆ నవ్వులో ప్రవీణ్ మూడో మాట కొట్టుకుపోయింది.

"అరే, యే క్యా హై మేడమ్!" అన్నాడు ప్రవీణ్. స్కూల్లో ఆవిడ దగ్గరే చదివాడు, అందుకే తిట్టబోయినా మేడమ్ దగ్గర ఆగిపోతాడు. "దాలయ్య అంకుల్ని బయట కూచోబెట్టండి!"

"నీ షరతు ముందొచ్చే నవ్వు గురించి ప్రవీణ్. వెనకొచ్చే నవ్వు గురించి కాదు."

"అత్తా, ప్లీజ్, తాతకి చెప్పవా, లోపల చదువుకోమని?" అని శ్రుతి బతిమాలింది.

"లోపల చదివితే పెద్దమ్మకెవరు చెప్తారు? నువ్వు చెప్తావా? నీ తెలుగుకి ఆవిడ ఇంటికెళ్లిపోతుంది."

టీచరు లాప్‌టాపు మూసి, వచ్చి దాలయ్య పక్కన కూచుంది. "దాలయ్య మావా, రేపట్నించి రోజూ రిహార్సలుకి రా. టీ ఇప్పిస్తాను."

"బిస్కట్టో?"

"బిస్కట్టూ ఇప్పిస్తాను."

ఆ మిగతా రోజులు టీచరు చేసిన పని చూస్తే, దర్జీ ఒక మనిషి కొలతలు తీసుకుని ఇంకొకడికి చొక్కా కుట్టడం గుర్తొచ్చింది. కొలత దాలయ్య నోటిది, చొక్కా ప్రవీణ్‌కుమార్‌ది. దాలయ్య ఎక్కడ ఊపిరి తీస్తాడో అక్కడే ముక్క విరిచింది. 'క్వార్టరు స్వాధీనపరచవలసిందిగా' అన్నదాన్ని 'ఇల్లు ఇచ్చెయ్యి' చేసింది. నవ్వు లేని మాటల్ని ఒక ఊపిరి ముందే వేసింది, దాలయ్యా ప్రవీణూ ఒకేసారి ముగించేలా. నవ్వు ఉన్నవాటిని మాత్రం కదపలేదు. వాటికి ఇంకో ఎత్తు వేసింది. శ్రుతి చెవిలో ఏదో ఊదింది. శ్రుతి వెళ్లి ప్రవీణ్‌తో అంది: "భయ్యా, రావు అబద్ధం చెప్పే ప్రతిసారీ మధ్యలో ఆగి కిటికీ దాకా నడిచి, బయటికి చూసి, అప్పుడు తిరిగి చెప్తే? చాలా డెప్త్ వస్తుంది."

ప్రవీణ్‌కి ఆ డెప్తు తెగ నచ్చింది. అతను గంభీరంగా కిటికీ దాకా నడిచినప్పుడల్లా కింద దాలయ్య మొదటి ముక్క తీరిగ్గా చదివి, అప్పలనర్సమ్మ సందేహం తీర్చి, చప్పరించి, సిద్ధంగా కూచునేవాడు. ఒక మనిషి మీసం తిప్పుకుంటూ తను నటిస్తున్నాననుకుంటూ, ఇంకో మనిషి చదువుకి టైము ఇస్తున్నాడు. ఇంత ముచ్చటైన మోసం నేను ఈ మధ్య ఎక్కడా చూడలేదు. రాయపూరు సంగతి మర్చిపోయాను.

*

నాటకం రోజున హాలు నిండింది. ముందు వరస ముసలాళ్లు, వెనక వరసలు పిల్లలు. మొదటి అంకం నూనె రాసినట్టు నడిచింది. దాలయ్య చదువుతున్నాడు, ప్రవీణ్ కిటికీకి నడుస్తున్నాడు, నవ్వులు వాటి చోట అవి పడుతున్నాయి. పైపు దగ్గర హాలంతా ఒక్కసారే నవ్వింది, ముసలాళ్లు చదివీ, పిల్లలు వినీ.

విరామంలో ప్రవీణ్ బల్ల దగ్గరికి వచ్చాడు. అతను తెలివితక్కువవాడు కాదు.

"మేడమ్, ఆ కిటికీ ఐడియా శ్రుతిది కాదు కదా?"

"బాగా నడుస్తున్నావు నాన్నా."

"రెండో అంకంలో చూస్తాను మీ వేలు ఎంత ఓపిక పడుతుందో." నవ్వుతూనే అన్నాడు. మీసం మాత్రం నవ్వలేదు.

పెద్ద నవ్వు చోటు వచ్చింది. ప్రవీణ్ తల వంచాడు. "మై బ్రదర్ ఈజ్ డెడ్ సర్." తెర మీద మా అన్నయ్య చనిపోయాడు. దాలయ్య చదివాడు. టీచరు తెర నల్లగా చేసింది. ఇనస్పెక్టరు టోపీ తీశాడు. ప్రవీణ్ కిటికీకి నడిచాడు, చూశాడు, తిరిగాడు.

తిరిగి ఏమీ అనలేదు.

జేబురుమాలు తీసి కళ్లజోడు తుడిచాడు. ఒక అద్దం. తరవాత రెండో అద్దం. ఛాతీ పొంగించాడు, టీచరు వేలు మీట మీదికి దిగింది. ఊపిరి వదిలేశాడు, ఊరికే. వేలు మళ్లీ పైకి లేచింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడ దేన్ని చూసి నొక్కుతుందో కనిపెట్టి దొంగ ఊపిరి వేస్తున్నాడు. పొరపాటున ఒక్కసారి నొక్కిందా, భోజనం తెర మీదికి వస్తుంది, ముందు వరస నవ్వుతుంది, తెర పోతుంది. అతను బల్ల మీది గ్లాసు ఎత్తి మంచినీళ్లు తాగడం మొదలుపెట్టాడు, గుక్క గుక్కగా. హాలులో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. టోపీ పట్టుకున్న ఇనస్పెక్టరు చెమటలు కక్కుతున్నాడు. టీచరు వేలు గాల్లోనే ఉంది, ముఖం పరీక్ష హాల్లో కాపలా కూచున్న మేడమ్‌ది.

ఆ నిశ్శబ్దంలో ముందు వరస నుంచి అప్పలనర్సమ్మ గొంతు లేచింది.

"ఏట్రా దాలయ్యా, తెర ఆరిపోనాది? తరవాతేటి?"

రోజూ టీ, బిస్కట్టు మింగుతూ రిహార్సలు చూసినవాడికి తెర దేనికి? దాలయ్య రహస్యం చెప్తున్నాననుకుని, కోక్ ఓవెన్స్ గొంతుతో చెప్పాడు.

"బోజనానికొచ్చెస్తాడు అప్పా!"

హాలు కూలింది. ముసలాళ్లు తొడలు చరుచుకున్నారు. అప్పలనర్సమ్మ "సచ్చినోడు బోజనానికొస్తాడా! ఓలమ్మ ఓలమ్మ!" అని పమిట నోట్లో కుక్కుకుంది. ప్రవీణ్ నోట్లో ఇంకా మంచినీళ్లే ఉన్నాయి.

మింగాడు. ఒక్క క్షణం పోయినేటి ముఖం కనిపించింది నాకు, ప్యాంటు చూసుకునే ముఖం. లోపలికి పోతాడనుకున్నాను. పోలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, వేదిక అంచుకి వచ్చి, ఇంగ్లీషు రావుగారు తన జన్మలో మొదటిసారి తెలుగులో మాట్లాడాడు.

"అవునండీ. వంకాయ కూర వండమన్నాడు."

ముందు వరస మళ్లీ కూలింది. ఈసారి వెనక వరసలో పిల్లలు ఏమన్నాడని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "క్యా బోలా? క్యా బోలా?" ఆ మాటకి తెర మీద ఏ అక్షరమూ లేదు. టీచరు చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ నలుపుని అలాగే ఉండనిచ్చింది, వెనక్కి తిరిగి పిల్లలవైపు చూసి తీరిగ్గా నవ్వుకుంటూ.

*

నాటకం అయ్యాక హాలు బయట టీ దగ్గర పంచాయితీ.

"నవ్వు నా మాట కంటే ముందొచ్చింది. అందరూ విన్నారు." అన్నాడు ప్రవీణ్. మేకప్ సగం తుడిచాడు, మీసం ఒక వైపు నలుపు, ఒక వైపు నెరుపు.

"తెర మీద ఏముంది అప్పుడు?" అంది టీచరు.

"ఏమీ లేదు."

"దాలయ్య మావ నోటికి ప్రొజెక్టరు నేను కట్టలేదు."

దక్షిణామూర్తి గారు ఇద్దరి వైపూ తలూపబోయి, ఎందుకో ఈసారి ఒక్క వైపే ఊపాడు. "నల్లటి తెర చూసి ఎవరు నవ్వుతారయ్యా? తెర తప్పు కాదది. ఉంటుంది."

ప్రవీణ్ ఏదో అనబోయాడు. అంతలో అప్పలనర్సమ్మ కర్ర ఊపుకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "నాయనా, ఆ కుళాయి కారడం ఆగినాదా? ఇల్లు కాళీ సేసీసినావా?"

"లేదు మామ్మా. ఇంకా కారుతోంది."

"సెయ్యకు. నేనన్నానని సెప్పు ఆ ఇనస్పెట్రుకి."

అతను నవ్వేశాడు, ఈసారి మీసంతో సహా. "వచ్చే ఏడు దాలయ్య అంకుల్ని ఆఖరి వరసలో కూచోబెట్టండి మేడమ్. అంతే నా షరతు."

"ఆఖరి వరస నుంచి ఆయనకి అక్షరాలు ఆనవు కదా," అంది టీచరు. "ముందు వరసే. నువ్వు ఇంకా మెల్లిగా నడువు."

జనం పలచబడ్డాక నేను టీచరు పక్కకి చేరాను. ఆవిడ లాప్‌టాపుకి తుండుగుడ్డ చుట్టుకుంటోంది. నాకొక అనుమానం మధ్యాహ్నం తిన్న పకోడీలా పైకి వస్తూనే ఉంది. ముసలాయన చదివే వేగం కొలవడానికి రెండు రిహార్సళ్లు చాలు. రోజూ టీ పోసి, బిస్కట్టు పెట్టి, అదే కుర్చీలో కూచోబెట్టి, ఆ భోజనం ముక్క నోటికి వచ్చేదాకా వినిపించడం దేనికి?

"టీచరుగారూ, ఒక్క మాట. దాలయ్యకి అది కంఠతా వస్తుందని, తెర నల్లగా ఉన్నా పైకి అనేస్తాడని మీకు ముందే తెలుసు కదా?"

ఆవిడ ముడి వేసింది. ఆ ముడి సరిగ్గా పడిందో లేదో చూసుకుంది. నా వైపు తిరిగి, తెరమీద ఏదో వేయబోతున్నట్టు చూపుడు వేలు గాల్లోకి ఎత్తింది. నేను ఎదురు చూశాను.

ఆ వేలితోనే రోడ్డు మీద పోతున్న ఆటోని ఆపింది. పెద్దమ్మని ముందు ఎక్కించి, దాలయ్యని పక్కకి తోసి, తనూ ఎక్కేసింది. ఆటో సుపేలా వైపు తిరిగింది. లోపలినుంచి దాలయ్య దారిలో దుకాణాల బోర్డులు ఒక్కొక్కటీ పైకి చదవడం చాలాసేపు వినిపించింది.